ఒకే పేపరు, మూడు చెకర్లు: 4, 27, 16 శాతం. ఏ అంకె పట్టుకోవాలి?

#1 అనంత_స్కాలర్

అందరికీ నమస్కారం. నాది ఎకనామిక్స్, స్వయం సహాయక సంఘాల అప్పుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్ రెండో అధ్యాయం నుంచి ఒక పేపరు తయారు చేశాను. ఇంగ్లీషులోనే రాశాను. రిఫరెన్సులు తీసేస్తే 6,000 పదాలు. వేరేవాళ్ల రాతలతో ఎంత శాతం కలిసిందో చూసే ప్లేజియరిజం చెకర్‌లో అదే ఫైలు, ఒక్క అక్షరం కూడా మార్చకుండా మూడు చోట్ల వేయిస్తే వచ్చినవి ఇవి:

నెట్‌లో దొరికే ఒక ఫ్రీ సైట్: 4 శాతం.
మా యూనివర్సిటీ లైబ్రరీ: 27 శాతం.
పేపరు పంపిన జర్నల్: 16 శాతం.

లైబ్రరీ రిపోర్టు చివర్లో ఇలా ఉంది: Internet Sources 12%, Publications 9%, Student Papers 19%. మొదటి సోర్సు ఎదురుగా "Submitted to" అని మా యూనివర్సిటీ పేరే ఉంది, 13%. దాని మీద నొక్కితే ఏమీ తెరుచుకోవడం లేదు.

10 దాటితే థీసిస్ ముందుకు కదలదని గైడ్ గారు అంటున్నారు. ఫైలు ఒక్కటే అయినప్పుడు అంకెలు ఇంత తేడాగా ఎందుకు వస్తాయి? వీటిలో ఏది నిజం?

#2 రవి_ఎంటెక్

మేడమ్, ఒక్కో చెకర్‌కి ఒక్కో డేటాబేస్ ఉంటుంది. డేటాబేస్ ఎంత పెద్దదైతే అంకె అంత పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ వచ్చిందే నిజం, అంటే 27. ఇంకో విషయం, 12, 9, 19 కూడితే 40 వస్తుంది. రిపోర్టులో 27 ఎలా వేశారో అర్థం కావడం లేదు. ఎక్కడో లెక్క తప్పింది, లైబ్రరీ వాళ్లను మళ్లీ రన్ చేయమనండి.

#3 గ్రంథాలయం_వరంగల్

రవి గారూ, డేటాబేస్ వేరన్న మాట నిజమే. కూడిక దగ్గరే పొరపాటు. ఆ మూడు అంకెలను కూడకూడదు. మీ పేపర్లో ఒకే వాక్యం ఒక వెబ్ పేజీలోనూ, ఒక జర్నల్ వ్యాసంలోనూ, ఇంకో విద్యార్థి అసైన్‌మెంట్‌లోనూ ఉందనుకోండి. ఆ వాక్యం మూడు వర్గాల అంకెల్లోనూ పడుతుంది. పైన వేసే మొత్తంలో మాత్రం ఒక్కసారే లెక్కిస్తారు. అందుకే 40 కాకుండా 27 వచ్చింది. రిపోర్టు సరిగ్గానే ఉంది.

అనంత గారూ, మీరిచ్చిన అంకెలతోనే చాలా సంగతి తేలుతుంది. నెమ్మదిగా చూద్దాం.

విద్యార్థుల పేపర్లను పూర్తిగా పక్కన పెట్టి, వెబ్‌నూ జర్నల్స్‌నూ మాత్రమే వెతికితే ఎంత రావాలి? వెబ్ ఒక్కటే 12 ఉంది కాబట్టి 12 కంటే తగ్గదు. రెండూ ఒక్క వాక్యంలో కూడా కలవకపోతే 12, 9 కలిసి 21, అంతకు మించదు. జర్నల్ మీకిచ్చిన 16 ఈ రెండింటి మధ్యలోనే ఉంది. జర్నల్స్ ఎక్కువగా వాడే చెకర్ విద్యార్థుల పేపర్లను వెతకదు. అంటే మీ లైబ్రరీకీ జర్నల్‌కీ మధ్య ఉన్న 11 శాతం తేడాలో ఎక్కువ భాగం విద్యార్థుల పేపర్ల నుంచే వచ్చి ఉండాలి. 6,000 పదాల్లో 11 శాతం అంటే 660 పదాలు.

ఇప్పుడు నాదొక ప్రశ్న. ఈ అధ్యాయాన్ని గానీ, దీని పాత డ్రాఫ్టును గానీ ఇంతకుముందు ఎవరైనా అదే చెకర్‌లో వేశారా? ప్రీ-పీహెచ్‌డీ సెమినార్‌కి ముందు, లేదా డిపార్ట్‌మెంట్ ఆఫీసులో?

#4 అనంత_స్కాలర్

అవును సార్. సెమినార్‌కి ముందు డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి చెక్ చేయించారు. ఆఫీసు వాళ్లే అప్‌లోడ్ చేశారు, నాకు ప్రింట్ మాత్రం ఇచ్చారు. అప్పుడు తక్కువే వచ్చింది.

#5 గ్రంథాలయం_వరంగల్

ఆ 13 శాతం మీ పాత డ్రాఫ్టే అయ్యుండాలి. టర్నిటిన్ లాంటి చెకర్లలో ఫైలు వేసేటప్పుడు ఒక సెట్టింగ్ ఉంటుంది: ఈ ఫైలును దాచుకోవాలా, వద్దా. దాచుకోమంటే `standard paper repository`లోకి వెళ్తుంది, వద్దంటే `no repository`. మొదటిది ఎంచుకుని వదిలేస్తే డ్రాఫ్టు విద్యార్థుల పేపర్ల గుట్టలో చేరిపోతుంది. తర్వాత అదే మనిషి సవరించిన అధ్యాయాన్ని వేరే అసైన్‌మెంట్ కింద వేస్తే, చెకర్‌కి అది ఎవరో రాసిన పాత పేపరులా కనిపిస్తుంది. అదే అసైన్‌మెంట్‌లో అదే లాగిన్‌తో పాత ఫైలు స్థానంలో కొత్తది పెడితే తనతో తనకు మ్యాచ్ రాదు. కానీ డిపార్ట్‌మెంట్ ఆఫీసు ఒక లాగిన్‌తోనూ, లైబ్రరీ ఇంకో లాగిన్‌తోనూ వేయడం మన దగ్గర మామూలే. చిక్కు అక్కడే పుడుతుంది.

దాని మీద నొక్కితే తెరుచుకోకపోవడం కూడా ఇందుకే. విద్యార్థుల పేపర్ల పాఠాన్ని బయటివాళ్లకు నేరుగా చూపించరు. పేపరు ఉన్న సంస్థకు అభ్యర్థన పంపించాలి, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే కనిపిస్తుంది. ఇక్కడ పేపరు మీ యూనివర్సిటీదే కాబట్టి లైబ్రరీలోనే కనుక్కోవచ్చు.

చేయాల్సింది ఇది. లైబ్రేరియన్ గారి దగ్గర కూర్చుని, రిపోర్టు తెరిపించి, ఆ ఒక్క సోర్సును ఎంచుకుని `Exclude` చేయించండి. ఫైలు మళ్లీ అప్‌లోడ్ చేయాల్సిన పనే లేదు, అంకె అక్కడికక్కడే మారుతుంది. ఎంతకు దిగుతుందో వచ్చి చెప్పండి. ఒక హెచ్చరిక: 27 లోంచి 13 పోతే 14 మిగులుతుందని అనుకోకండి.

#6 రవి_ఎంటెక్

14 ఎందుకు రాదు సార్? ఆ సోర్సు వాటాయే 13 కదా.

#7 గ్రంథాలయం_వరంగల్

ఒక వాక్యం ఐదు చోట్ల దొరికితే, రిపోర్టు దాన్ని ఒక్క సోర్సు పేరు మీదే రాస్తుంది. మామూలుగా ఎక్కువ పదాలు కలిసిన సోర్సుకే అది దక్కుతుంది. మిగతా నాలుగూ వెనక ఉంటాయి. `All Sources` తెరిస్తే అవి కనిపిస్తాయి. ముందున్న సోర్సును తీసేయగానే వెనకున్నవి ఒక్కోటీ ముందుకొచ్చి తమ వాటా తీసుకుంటాయి.

అనంత గారి పాత డ్రాఫ్టులో కూడా నాబార్డ్ పేజీ నుంచి తీసుకున్న నిర్వచనాలు, పాత వ్యాసాల వాక్యాలు ఉండే ఉంటాయి. డ్రాఫ్టును తీసేస్తే ఆ వాక్యాలు మాయం కావు, నాబార్డ్ పేరు మీదకో జర్నల్ పేరు మీదకో మారతాయి. అచ్చంగా ఆమె సొంత మాటలుండి ఇంకెక్కడా లేని భాగం మాత్రమే లెక్కలోంచి పోతుంది.

#8 జర్నల్_డెస్క్

నేను ఒక సోషల్ సైన్సెస్ జర్నల్ ఆఫీసులో పని చేస్తాను. 16 ఎలా వచ్చిందో మా వైపు నుంచి చెప్తాను.

క్రాస్‌రెఫ్ అనే సంస్థలో సభ్యులైన ప్రచురణకర్తలకు సిమిలారిటీ చెక్ అనే సేవ ఉంటుంది. లోపల నడిచేది ఐథెంటికేట్, అది టర్నిటిన్ వాళ్లదే. ఇల్లు ఒకటే అయినా వెతికే చోట్లు ఒకటి కావు. ఐథెంటికేట్ చూసేది వెబ్ పేజీలు, పాత వెబ్ పేజీల నిల్వ, ప్రచురణకర్తలు ఇచ్చిన పూర్తి వ్యాసాలు. కాలేజీల్లో విద్యార్థులు వేసిన అసైన్‌మెంట్ల గుట్ట అందులో లేదు. అందుకే ఒక సంస్థ రెండు చెకర్లలో కూడా ఒకే ఫైలుకు రెండు అంకెలు వస్తాయి.

పూర్తి వ్యాసాల సంగతి ముఖ్యం. డబ్బు కడితే గానీ తెరుచుకోని జర్నల్ వ్యాసాన్ని మామూలు వెబ్ వెతుకులాట చూడలేదు, సారాంశం దగ్గరే ఆగిపోతుంది. ఈ సేవలో చేరిన ప్రచురణకర్తలు మాత్రం పూర్తి పాఠాన్ని ఇండెక్స్ చేసుకోనివ్వాలి. అందుకే వ్యాసం మధ్య పేజీలో ఉన్న వాక్యం కూడా దొరుకుతుంది. కానీ క్రాస్‌రెఫ్‌లో చేరని జర్నల్స్ మన దేశంలో చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పీడీఎఫ్‌లు వెబ్‌లో తెరిచి ఉంటేనే పట్టుబడతాయి. ప్రింటులో మాత్రమే వచ్చే సంచికల్లోని వాక్యాన్ని ఏ చెకరూ పట్టదు.

దీనికి తోడు, మేము పదాల పరిమితి ఒకటి పెట్టుకుంటాం. ఫలానా సంఖ్య కంటే చిన్న మ్యాచ్‌లను వదిలేయమంటాం. 8 పదాల దగ్గర పెట్టిన చోట, 15 దగ్గర పెట్టిన చోట ఒకే ఫైలుకు ఒకే అంకె రాదు. "the present study is an attempt to examine the" లాంటివి 8 దగ్గర పడతాయి, 15 దగ్గర పడవు. కాబట్టి 16 కనిపించిందంటే అది ఏ పరిమితితో వచ్చిందో కూడా అడగాలి. వరంగల్ సార్ కట్టిన లెక్క అంకెలకు సరిపోయింది, కాదనను. కానీ సెట్టింగులు కూడా ఒకటేనని తెలిస్తేనే ఆ 11 శాతమూ విద్యార్థుల పేపర్లదే అని ఖాయంగా అనగలం.

#9 గ్రంథాలయం_వరంగల్

ఒప్పుకుంటాను. సెట్టింగులు వేరైతే నా లెక్క అంచనాగానే మిగులుతుంది.

#10 నెల్లూరు_సాయి

ఫ్రెండ్స్, మొత్తం చదవలేదు గానీ, 10 లోపు చూపించే సైటు పేరు ఎవరైనా చెప్పండి. అందరూ అంటున్న ఆ 4 శాతం సైటు ఏది? దాని రిపోర్టు జత చేస్తే సరిపోతుందా?

#11 గ్రంథాలయం_వరంగల్

సరిపోదు సాయి గారూ. యూనివర్సిటీ సర్టిఫికెట్ మీద సంతకం పడేది వాళ్ల సొంత చెకర్ రిపోర్టుకే. ఇక్కడ నడుస్తున్న చర్చ అంకె తగ్గించడం గురించి కాదు, అంకెలు ఎందుకు కలవవన్నదాని గురించి. ఆ 4 ఎలా వస్తుందో వెబ్ పని తెలిసినవాళ్లు చెప్తే మీకూ పనికొస్తుంది.

#12 సర్వర్_గుంటూరు

నేను చెప్తాను. ఒక కాలేజీ గ్రూపుకి వెబ్‌సైట్లు చూసుకుంటాను.

ఫ్రీ సైట్లలో చాలా వాటికి సొంత నిల్వ ఏమీ ఉండదు. మీ పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను సెర్చ్ ఇంజన్‌కి పంపి, మొదట వచ్చిన కొన్ని పేజీలతో పోలుస్తాయి. ఖర్చు తగ్గించుకోవడానికి పదాల హద్దు పెడతాయి. ఒకసారికి 1,000 పదాలన్నది ఎక్కువగా కనిపించే హద్దు. 6,000 పదాల పేపరు అతికిస్తే చాలా సైట్లు మిగతాది వదిలేసి మొదటి 1,000 మాత్రమే చూస్తాయి. అప్పుడు 4 శాతం అంటే 40 పదాలు. మిగతా 5,000 పదాల గురించి ఆ అంకె ఏమీ చెప్పడం లేదు. అనంత గారూ, ఆ రిపోర్టులో `words` అని ఎంత రాసిందో ఒకసారి చూడండి.

ఇక రెండో కారణం, వెబ్ అంతా అందరికీ తెరిచి ఉండదు. చాలా సైట్లలో `robots.txt` అని ఒక ఫైలుంటుంది. క్రాలర్లంటే వెబ్ పేజీలను చదువుతూ తిరిగే ప్రోగ్రాములు, వాటిలో ఏది రావచ్చో, ఏది రాకూడదో అందులో రాస్తారు. టర్నిటిన్ క్రాలర్ పేరు `TurnitinBot`. మా దగ్గర ఒక కాలేజీ సైటులో ఇలా ఉండేది:

```
User-agent: TurnitinBot
Disallow: /

User-agent: *
Disallow: /admin/
```

అంటే సెర్చ్ ఇంజన్ లోపలికి వచ్చి పీడీఎఫ్‌లన్నీ చదువుకోవచ్చు, టర్నిటిన్ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. ఆ సైటులో ఉన్న సెమినార్ పేపర్లు ఫ్రీ చెకర్‌లో దొరుకుతాయి, పెద్ద చెకర్‌లో దొరకవు. చిన్న డేటాబేస్‌లో ఎక్కువ, పెద్ద దాంట్లో తక్కువ వచ్చే సందర్భాలూ ఉంటాయంటే కారణం ఇలాంటిదే. రవి గారన్న "పెద్దదైతే అంకె పెద్దది" అన్న మాట అన్ని చోట్లా నిలవదు.

తిరగేసిన కేసు కూడా ఉంది. సైటు మూతపడి పేజీ పోయినా, క్రాలర్ పాత కాపీని దాచుకుని ఉంటే పెద్ద చెకర్‌లో మ్యాచ్ వస్తుంది. లింకు నొక్కితే పేజీ ఉండదు. విద్యార్థులు "లేని పేజీతో మ్యాచ్ చూపిస్తోంది" అనేది దీని గురించే.

మీ అనుమానం తీర్చుకోవడానికి సులువైన పని ఒకటి చెప్తాను. మ్యాచ్ అయిన వాక్యంలోంచి 10, 12 పదాలు వరుసగా తీసుకుని డబుల్ కోట్స్‌లో పెట్టి సెర్చ్ చేయండి. పేజీ దొరికితే అది తెరిచి ఉన్న వెబ్‌లోది. దొరక్కపోతే జర్నల్ లోపలి పాఠమో, విద్యార్థి పేపరో, ఇప్పుడు లేని పాత పేజీయో అయ్యుండొచ్చు. మరీ పొడవైన వాక్యం పెట్టకండి, గూగుల్ 32 పదాలు దాటినవాటిని పట్టించుకోదు.

#13 అనంత_స్కాలర్

సర్వర్ గారూ, మీరన్నట్టే ఉంది. ఫ్రీ రిపోర్టులో కింద చిన్న అక్షరాలతో 1,000 words అని ఉంది. ఇంట్రడక్షన్ ఒక్కటే చూసిందన్నమాట. లిటరేచర్ రివ్యూ మొదలయ్యేదే దాని తర్వాత.

#14 తెలుగుశాఖ_పరిశోధక

మాది ఇంకో రకం సమస్య. నా థీసిస్ తెలుగులోనే ఉంది, జానపద గేయ సాహిత్యం మీద. రిపోర్టులో 1 శాతం వచ్చింది. గైడ్ గారు సంతోషించారు. నాకే నమ్మకం కలగలేదు, ఎందుకంటే పాత పుస్తకాల నుంచి ఉదాహరణలు పేజీలకు పేజీలు ఇచ్చాను. కోట్స్ తీసేయకుండానే 1 ఎలా వస్తుంది? ఇక్కడ అందరూ ఇంగ్లీషు పేపర్ల గురించే మాట్లాడుతున్నారు, తెలుగుకి ఈ చెకర్లు అసలు పని చేస్తాయా?

#15 గ్రంథాలయం_వరంగల్

చాలా అవసరమైన ప్రశ్న. ముందు ఒకటి చెప్పండి, థీసిస్ ఏ ఫాంట్‌లో టైప్ చేయించారు? అనులోనా, యూనికోడ్‌లోనా?

#16 తెలుగుశాఖ_పరిశోధక

డీటీపీ సెంటర్లో చేయించాను. అను. ఫైలు పీడీఎఫ్‌గా ఇచ్చారు.

#17 గ్రంథాలయం_వరంగల్

మీ 1 శాతానికి కారణం అదే కావచ్చు. అను ఫాంట్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ, ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్లు. చెకర్ కన్నుతో చూడదు, లోపలి అక్షరాల్నే చదువుతుంది. కాబట్టి దానికి మీ థీసిస్ అర్థంలేని గుర్తుల వరుస. వెబ్‌లో ఉన్న తెలుగు యూనికోడ్‌లో ఉంది, రెండూ ఎక్కడా కలవవు. మీ ఉదాహరణలు వెబ్‌లో అక్షరం పొల్లుపోకుండా ఉన్నా మ్యాచ్ రాదు.

తెలుసుకోవడం ఇలా: పీడీఎఫ్ తెరిచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. గజిబిజి వస్తే చెకర్ చదివింది కూడా ఆ గజిబిజినే. ఏమీ కాపీ కాకపోతే పేజీలు బొమ్మలుగా స్కాన్ అయ్యాయని అర్థం. కమాండ్ లైన్ తెలిసినవాళ్లకు:

```
pdftotext -f 20 -l 22 thesis.pdf out.txt
wc -w out.txt
```

20 నుంచి 22 వరకు పేజీల పాఠాన్ని ఇది బయటికి తీసి పదాలు లెక్కపెడుతుంది. సున్నా వస్తే స్కాన్ బొమ్మలు. పదాలు ఉండి `out.txt`లో తెలుగు అక్షరాలు కనిపించకపోతే పాత ఫాంటు.

ఇదే సంగతి అవతలి వైపు కూడా ఉంది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో మన యూనివర్సిటీల థీసిస్‌లు అధ్యాయాల వారీగా పీడీఎఫ్‌లుగా ఉంటాయి. పాత వాటిలో చాలా వరకు స్కాన్ చేసినవి, తెలుగు థీసిస్‌లలో అను ఫాంటువీ ఉన్నాయి. థీసిస్ శోధ్‌గంగలో ఉంది అంటే చెకర్ దాన్ని చదవగలిగిందని కాదు. మీ ఫైలు యూనికోడ్ అయినా, మీరు పోల్చుకోవాల్సిన పాత థీసిస్ బొమ్మగా ఉంటే మ్యాచ్ రాదు.

#18 తెలుగుశాఖ_పరిశోధక

అతికించి చూశాను సార్, గజిబిజే. అయితే కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చి మళ్లీ వేయమంటే సరైన అంకె వస్తుందా?

#19 సర్వర్_గుంటూరు

దగ్గరగా వస్తుంది, అంతకు మించి చెప్పలేను. మార్చాక పీడీఎఫ్ చేయకండి, `.docx` ఇవ్వండి. తెలుగు పీడీఎఫ్‌లోంచి పాఠం బయటికి తీసేటప్పుడు వత్తులూ గుణింతాలూ ఊడిపోతుంటాయి. "ప్రభుత్వం" కాస్తా "పభుత్వం" అయిపోతుంది. అలా వాక్యంలో రెండు మూడు పదాలు చెడితే వరుస తెగిపోయి మ్యాచ్ పోతుంది.

ఇంకా చిన్న చిన్నవి ఉన్నాయి. "స్వయం సహాయక" అని విడదీసి ఒకరు, "స్వయంసహాయక" అని కలిపి ఇంకొకరు రాస్తారు. పదాల వరుసను పోల్చే చెకర్‌కి మొదటిది రెండు పదాలు, రెండోది ఒకటి. "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, కోడ్ `U+200C`. కొందరి కీబోర్డులో అది పడుతుంది, కొందరి దాంట్లో పడదు. చెకర్ దాన్ని ముందే తీసేసి పోలిస్తే ఫర్వాలేదు, తీయకపోతే రెండూ వేర్వేరు పదాలు.

#20 రవి_ఎంటెక్

రెండు థీసిస్‌లూ అనులోనే ఉంటే? గజిబిజికి గజిబిజి కలవాలి కదా, లోపలి కోడ్లు ఒకటే కాబట్టి.

#21 సర్వర్_గుంటూరు

సూత్రప్రాయంగా కలవాలి. కానీ అందులో విరామ చిహ్నాలూ గుర్తులూ పదం మధ్యలోనే వస్తాయి. చెకర్ పదాన్ని ఎక్కడ తెంచుతుందో, గుర్తుల్ని పారేస్తుందో లేదో దాన్ని బట్టి ఉంటుంది. తెలిసిన రెండు పేజీలు వేసి చూస్తే గానీ తేలదు. ఎవరి దగ్గరైనా లైబ్రరీ లాగిన్ ఉంటే ఒకే పేజీ అను కాపీలు రెండు వేసి చూడండి. మొదటిది దాచుకునే సెట్టింగ్‌తో, రెండోది దాచుకోని సెట్టింగ్‌తో వేయాలి.

#22 జర్నల్_డెస్క్

మళ్లీ అసలు విషయానికొస్తే, చెకర్ మారినప్పుడు సీనియర్ల అంకెలతో పోల్చుకోవడం కూడా కుదరదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ శోధ్‌శుద్ధి కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు యూనివర్సిటీలకు ఇచ్చింది ఉర్కుండ్ అనే చెకర్. అది తర్వాత ఒరిజినల్ అని పేరు మార్చుకుంది. దాని తర్వాత డ్రిల్‌బిట్ వచ్చింది. ఒక్కోదానికీ విద్యార్థి పేపర్ల నిల్వ వేరు. సీనియర్ థీసిస్ ఉర్కుండ్ నిల్వలో ఉండి, మీ చెక్ డ్రిల్‌బిట్‌లో జరిగితే, ఆ థీసిస్ శోధ్‌గంగలోనో ఇంకో చోటో చదవగలిగేలా ఉంటేనే దొరుకుతుంది. "మా సీనియర్‌కి 6 వచ్చింది, నాకు 22 వచ్చింది" అన్న పోలికకు ఇక్కడ ఆధారం లేదు.

#23 గ్రంథాలయం_వరంగల్

సమయం కూడా లెక్కలోకి వస్తుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం డిగ్రీ ఇచ్చిన నెలలోపు థీసిస్ సాఫ్ట్ కాపీని శోధ్‌గంగ కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కి పంపాలి. ఆ పైన అది సైటులో కనిపించాలి, క్రాలర్ వచ్చి చదవాలి. కాబట్టి ఈ నెల చెక్ చేసిన ఫైలును ఆరు నెలల తర్వాత అదే చెకర్‌లో వేస్తే అంకె పెరగవచ్చు. రిపోర్టు మీద తేదీ అందుకే ఉంటుంది, దాన్ని కత్తిరించకుండా జత చేయాలి.

#24 అనంత_స్కాలర్

లైబ్రరీకి వెళ్లి వచ్చాను. ఆ మొదటి సోర్సు నా సెమినార్ డ్రాఫ్టే అని నిర్ధారించారు. తీసేస్తే 27 నుంచి 18కి దిగింది, 14కి కాదు. వరంగల్ సార్ చెప్పినట్టే నాబార్డ్ పేజీ, ఒక వ్యాసం ముందుకొచ్చాయి. ఆపైన విద్యార్థుల పేపర్లు మొత్తం తీసేసి చూపించమన్నాను, 16 వచ్చింది. పదాల పరిమితి లైబ్రరీలో ఏమీ పెట్టలేదట.

#25 గ్రంథాలయం_వరంగల్

ఇప్పుడు పదాల్లో చెప్పుకుందాం. 27 శాతం అంటే 1,620 పదాలు. డ్రాఫ్టు పేరు మీద ఉన్నవి 780. అది తీస్తే మిగిలినవి 1,080. అంటే పోయినవి 540 మాత్రమే, ఇవి మీ డ్రాఫ్టులో తప్ప ఇంకెక్కడా లేని మీ సొంత వాక్యాలు. మిగతా 240 పదాలు నాబార్డ్, వ్యాసం పేర్ల మీదకు మారాయి. మీరు నిజంగా చూసుకోవాల్సింది ఈ 240నే. పాత డ్రాఫ్టు వెనక దాక్కున్నాయి కాబట్టి మొదటి రిపోర్టులో అసలు సోర్సు కనిపించలేదు. కోట్స్‌లో ఉన్నాయా, మూలం చెప్పారా అని ఒక్కోటీ చూడండి.

18 నుంచి 16కి దిగినవి 120 పదాలు. ఇవి ఇతర విద్యార్థుల పేపర్లలో మాత్రమే ఉన్నవి. ప్రశ్నావళి గానీ, శాంపిలింగ్ గురించిన పేరా గానీ అయ్యుండొచ్చు. ఒకే గైడ్ గారి దగ్గర చేసేవాళ్లకు ఆ పేరాలు కలవడం ఎక్కువ.

#26 జర్నల్_డెస్క్

లైబ్రరీలో విద్యార్థి పేపర్లు తీస్తే 16, మా తరహా చెకర్‌లోనూ 16. బాగుంది గానీ రెండు పదహార్లూ ఒకే పదాలు కాకపోవచ్చు. లైబ్రరీలో పరిమితి లేదు కాబట్టి చిన్న మ్యాచ్‌లు అందులో ఉన్నాయి. జర్నల్ వైపు వాటిని తీసేసి, ప్రచురణకర్తల పూర్తి పాఠాల్లోంచి కొత్తవి కలిపి ఉండొచ్చు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి రంగు వేసిన వాక్యాలు పోల్చండి. జర్నల్ రిపోర్టులో మాత్రమే రంగు పడిన వాక్యం కనిపిస్తే దాన్ని ముందు సరిచేయండి.

#27 అనంత_స్కాలర్

రెండు వాక్యాలు అలాంటివి ఉన్నాయి. డబ్బు కట్టాల్సిన జర్నల్ వ్యాసం నుంచి నోట్సు రాసుకున్నవి, మూలం ఇచ్చాను గానీ మాటలు దాదాపు వాళ్లవే. మార్చి రాస్తాను.

ఒకటే అనుమానం మిగిలింది. సర్టిఫికెట్లో ఏ అంకె రాయాలి? యూజీసీ నిబంధనల్లో 14 వరుస పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినవి వదిలేయవచ్చని ఉంది. లైబ్రరీలో ఆ పరిమితి పెట్టనే లేదు. పెడితే 18 ఇంకా తగ్గుతుందేమో.

#28 గ్రంథాలయం_వరంగల్

14 పదాల మాట నిబంధనల్లో ఉంది, నిజమే. రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు లాంటివి కూడా వదిలేయమని ఉంది. సరైన సాఫ్ట్‌వేర్ వాడాలన్నారు గానీ ఏ కంపెనీదో, ఏ నిల్వలను వెతకాలో చెప్పలేదు. అందుకే ప్రతి యూనివర్సిటీ తన సెట్టింగులు తాను నిర్ణయించుకుంటోంది. మీ కమిటీకి లిఖితపూర్వకంగా రాసి, పరిమితి 14 పెట్టి, డ్రాఫ్టు తీసేసి ఇంకో రిపోర్టు ఇవ్వమని అడగండి. తీసేసిన సోర్సు పేరు, కారణం సర్టిఫికెట్ కింద రాయించండి.

#29 జర్నల్_డెస్క్

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. 14 పెడితే, 12, 13 పదాల ముక్కలుగా అతికించిన పేరా మొత్తం కనబడకుండా పోతుంది. నిబంధన చెప్పేది యాదృచ్ఛికంగా కలిసిన పదాల గురించి. సెట్టింగ్ మాత్రం యాదృచ్ఛికమా కాదా అని చూడకుండా అన్నిటినీ కొట్టేస్తుంది. పరిమితి లేకుండా ఒకటి, 14తో ఒకటి, రెండు రిపోర్టులూ కమిటీ ముందు పెట్టడం మంచిది.

#30 గ్రంథాలయం_వరంగల్

రెండు రిపోర్టులు అడిగే కమిటీలు తక్కువ. ఒకే అంకె కావాలంటారు. కానీ మీరు చెప్పిన ప్రమాదం నిజమే, కాదనలేను.

అనంత గారూ, ఇంకో పని మర్చిపోకండి. సెమినార్ డ్రాఫ్టును నిల్వలోంచి శాశ్వతంగా తీసేయమని లైబ్రరీ అడ్మిన్ ద్వారా కోరవచ్చు. ఆ అభ్యర్థన విద్యార్థి నేరుగా పంపలేరు. ఆ పేపరు నంబరు రిపోర్టు మొదటి పేజీలో `Submission ID` దగ్గర ఉంటుంది. కానీ కావాల్సింది ఇప్పటి రిపోర్టు నంబరు కాదు, డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పాత ప్రింట్ మీద ఉన్న నంబరు. ఇక ముందు ఏ డ్రాఫ్టు చెక్ చేయించినా `no repository` పెట్టారో లేదో అడిగి చూసుకోండి. ఫైనల్ థీసిస్ మాత్రం దాచుకునే సెట్టింగ్‌తోనే వేయాలి.

#31 అనంత_స్కాలర్

పాత ప్రింట్ దొరికింది సార్, నంబరు ఉంది. కమిటీకి లెటర్ రాస్తున్నాను, రెండు రిపోర్టులూ అడుగుతున్నాను. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

#32 తెలుగుశాఖ_పరిశోధక

నా `.docx` రిపోర్టు వచ్చింది. 1 పోయి 23 అయింది. అందులో ఎక్కువ భాగం గేయాల ఉదాహరణలే, బ్లాగుల పేర్ల మీద పడ్డాయి. పుస్తకంలోంచి తీసుకున్న గేయానికి బ్లాగు సోర్సు అని చూపిస్తోంది. పుస్తకం స్కాన్ కాపీ మాత్రమే నెట్‌లో ఉంది, అందుకేనా?

#33 గ్రంథాలయం_వరంగల్

అందుకే. చెకర్ తనకు చదవడానికి దొరికిన చోటునే చూపిస్తుంది, మొదట రాసిన చోటును కాదు. గేయాలను కోట్స్‌లో పెట్టి, పుస్తకం పేరు, పేజీ ఇచ్చి, `Exclude Quotes` ఆన్ చేయించి చూడండి. కోట్స్ గుర్తులు వంకర రకమా నిటారు రకమా అన్నది కొన్ని చెకర్లలో పట్టింపు ఉంటుంది. పేరా మొత్తం పక్కకు జరిపి, గుర్తులు లేకుండా ఇచ్చిన గేయాలను అన్ని చెకర్లూ కోట్‌గా గుర్తించవు.